రాశిలో దశమాధిపతి నీచ, దశాంశలో స్వక్షేత్రం: ఉద్యోగం విషయంలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. నేను హైదరాబాద్‌లోనే పుట్టాను, రాత్రి 2:05కి. ధనుర్లగ్నం 27 డిగ్రీల 15 కళలు. దశమాధిపతి బుధుడు మీనంలో 22 డిగ్రీల 10 కళల దగ్గర నీచలో ఉన్నాడు. అది చూసి ఒకాయన "ఉద్యోగంలో ఎదుగుదల ఉండదు" అన్నారు. యాప్‌లో దశాంశ చూస్తే కన్యా లగ్నం, అదే బుధుడు మిథునంలో దశమంలో స్వక్షేత్రంలో ఉన్నాడు. 28వ ఏట టీమ్ లీడ్‌ని అయ్యాను. 31 నుంచి అమెరికా క్లయింట్‌తో పని చేస్తున్నాను. ఇప్పుడు 35 దాటి ఆరు నెలలు. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ శిక్షణ కేంద్రం పెట్టాలని ఉంది. మావారు వద్దంటున్నారు. ఏ చక్రాన్ని నమ్మాలి? మిగతా గ్రహాలు: రవి మీనం 13°, చంద్రుడు మీనం 27°20', గురువు మిథునం 8°05', శుక్రుడు మకరం 28°10', శని మకరం 0°40'. లాహిరి అయనాంశ.

సమాధానం:

అమ్మా, మీ బుధుడు దశాంశలో స్వక్షేత్రంలో ఉన్నాడన్న మాట నమ్మండి. దశమ భావంలో ఉన్నాడన్న మాట మాత్రం ఇప్పుడే నమ్మకండి. ఈ రెండూ ఒకే చక్రంలో పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి ఒకే బలం ఉన్న మాటల్లా అనిపిస్తాయి, కానీ కావు. ఇక "ఎదుగుదల ఉండదు" అన్నది మీ రాశి చక్రాన్ని సగమే చూసి చెప్పిన మాట. దాన్ని కాదనడానికి దశాంశ దాకా వెళ్లనక్కర్లేదు.

ముందు దశాంశ ఎలా వస్తుందో మీరే చేత్తో వేసి చూసుకోండి, యాప్ మీద ఆధారపడకుండా. ఒక రాశికి 30 డిగ్రీలు. దాన్ని పది భాగాలు చేస్తే ఒక్కో భాగం 3 డిగ్రీలు. గ్రహం బేసి రాశిలో ఉంటే (మేషం, మిథునం, సింహం, తుల, ధనుస్సు, కుంభం) లెక్క అదే రాశి నుంచి మొదలవుతుంది. సరి రాశిలో ఉంటే ఆ రాశికి తొమ్మిదో రాశి నుంచి మొదలవుతుంది. మీ బుధుడు మీనంలో ఉన్నాడు, అది సరి రాశి. మీనానికి తొమ్మిదోది వృశ్చికం. 22 డిగ్రీల 10 కళలంటే ఏడు భాగాలు దాటి ఎనిమిదో భాగంలో, అంటే 21 నుంచి 24 డిగ్రీల మధ్య ఉన్నట్టు. వృశ్చికం నుంచి ఎనిమిది లెక్కపెడితే మిథునం వస్తుంది. లగ్నం ధనుస్సులో 27 డిగ్రీల 15 కళలు. ధనుస్సు బేసి రాశి, 27 దాటింది కాబట్టి పదో భాగం. ధనుస్సు నుంచి పది లెక్కపెడితే కన్య. యాప్ చూపింది ఈ లెక్క ప్రకారం సరిగానే ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో సరి రాశుల లెక్కకు వేరే పద్ధతులు కూడా ఉంటాయి. రెండు యాప్‌లలో దశాంశ వేరువేరుగా వస్తే మొదట ఈ సెట్టింగ్ చూడాలి, తర్వాత అయనాంశ చూడాలి.

ఇప్పుడు రాశి చక్రానికి వద్దాం. దశాంశ తెరిచే ముందు రాశిలో దశమం, అంటే మనవాళ్లు రాజ్యస్థానం అనేది, ఏం చెబుతోందో పూర్తిగా రాసి పెట్టుకోవాలి. దశాంశ దాన్ని వివరిస్తుందే తప్ప రాశిలో లేనిదాన్ని తెచ్చి ఇవ్వదు. మీకు దశమం కన్య. అందులో గ్రహం లేదు. అధిపతి బుధుడు నాలుగింట మీనంలో నీచ. పైగా రవికి 9 డిగ్రీల దూరంలోనే ఉన్నాడు. బుధుడికి 14 డిగ్రీల లోపు వస్తే మౌఢ్యం అంటాం, కాబట్టి అస్తంగతుడు కూడా. మీకు ఫలితం చెప్పినాయన ఇక్కడే ఆగిపోయారు.

ఇంకొంచెం ముందుకు వెళ్తే ఏం కనిపిస్తుంది? బుధుడు గురువు ఇంట్లో ఉన్నాడు, గురువు మిథునంలో బుధుడి ఇంట్లో ఉన్నాడు. ఇది పరివర్తన. మీ లగ్నాధిపతి, దశమాధిపతి ఒకరి ఇల్లు ఒకరు మార్చుకున్నారు, అదీ రెండు కేంద్రాల మధ్య. నీచలో ఉన్న గ్రహం రాశ్యధిపతి లగ్నం నుంచి గానీ చంద్రుడి నుంచి గానీ కేంద్రంలో ఉంటే నీచభంగం. మీ గురువు లగ్నానికి ఏడింట, చంద్రుడికి నాలుగింట ఉన్నాడు, అంటే రెండు వైపుల నుంచీ కేంద్రమే. బుధుడి పరమ నీచ మీనంలో 15 డిగ్రీల దగ్గర, దాన్నీ ఆయన దాటేశాడు. నవమాధిపతి రవి దశమాధిపతితో కలిసి ఉన్నాడు, అది ధర్మకర్మాధిపతి యోగం. ఆ నాలుగో ఇంటి నుంచి బుధుడు, రవి, చంద్రుడు ముగ్గురూ సప్తమ దృష్టితో మీ దశమాన్నే చూస్తున్నారు. తన సొంత ఇంటిని తానే చూసుకుంటున్న దశమాధిపతిని పట్టుకుని ఎదుగుదల లేదని ఎలా అంటాం?

అలాగని నీచ, మౌఢ్యం లేనట్టే అని నేను అనడం లేదు. నీచభంగం ఉన్నవాళ్ల జాతకాల్లో నేను పదే పదే చూసేది ఒకటుంది. పని సక్రమంగా నడుస్తుంది, కానీ గుర్తింపు ఆలస్యంగా వస్తుంది, అదీ చాలాసార్లు ఇంకొకరి ద్వారా వస్తుంది. రవికి దగ్గరగా అస్తంగతుడైన బుధుడైతే చేసిన పని మీద పైవాళ్ల పేరు పడుతుంది. రిపోర్ట్ మీరు తయారు చేస్తారు, మీటింగ్‌లో మేనేజర్ చదువుతారు. మీ రాశి చక్రం చెప్పేది ఇది. ఎదుగుదల ఉంది, కానీ మీ పేరుతో రావడం కష్టం. సొంత సంస్థ ఆలోచనకు ఈ విషయం చాలా ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు దశాంశ. రాశిలో దశమాధిపతి ఎవరో ఆయన్ను పట్టుకుని దశాంశలోకి వెళ్లాలి, అక్కడ ఆయన ఏ రాశిలో ఉన్నాడో చూడాలి. దశాంశకు దానిదైన దశమ భావం, దశమాధిపతి కూడా ఉంటారు. చాలామంది నేరుగా వాళ్లనే చూసి ఫలితం చెప్పేస్తారు. నేను అలా చేయను. రాశి దశమాధిపతికి దశాంశలో దొరికిన బలం మొదటిది, దశాంశ లగ్నం రెండోది, దశాంశ దశమం మూడోది. ఈ వరుసకు కారణం ఉంది. మొదటిది మీ పుట్టిన నిమిషం మీద ఆధారపడదు, మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఎలాగంటే, బుధుడు రోజు మొత్తంలో నడిచేది సుమారు రెండు డిగ్రీలు. మీ జనన సమయం అరగంట అటూ ఇటూ అయినా ఆయన 21 నుంచి 24 మధ్యే ఉంటాడు, అంటే దశాంశలో మిథునమే. చంద్రుడు అందరికంటే వేగంగా వెళ్తాడు, అయినా గంటకు సుమారు అర డిగ్రీ నుంచి కొంచెం ఎక్కువ. లగ్నం అలా కాదు. ఒక డిగ్రీ కదలడానికి దానికి నాలుగు నిమిషాలు చాలు. మూడు డిగ్రీలంటే పన్నెండు, పదమూడు నిమిషాలు. అంతసేపటికి దశాంశ లగ్నం మారిపోతుంది, దాంతో పాటు పన్నెండు భావాలూ మారిపోతాయి. గ్రహాలు మాత్రం రాశుల్లో కదలకుండా ఉంటాయి.

మీ లగ్నం 27 డిగ్రీల 15 కళలు. గీత ఉన్నది 27 దగ్గర. మీరు దాన్ని దాటింది 15 కళలే, అంటే గడియారం లెక్కలో ఒక్క నిమిషం. మీరు పుట్టింది 2:03కి అయితే లగ్నం 26 చిల్లరలో ఉంటుంది, దశాంశ లగ్నం సింహం అవుతుంది. అప్పుడు అదే మిథున బుధుడు పదింట కాక పదకొండింట ఉంటాడు.

2:05 అన్న సమయం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి. సున్నాతోనో ఐదుతోనో ముగిసే సమయాలు చూస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ప్రసవం గదిలో నర్సమ్మ గోడ గడియారం చూసి దగ్గరలో ఉన్న అంకె రాయడం మామూలే. జనన ధ్రువపత్రంలో సాధారణంగా తేదీ ఉంటుంది, సమయం ఉండదు. ఆసుపత్రి కేస్ షీట్ గానీ డిశ్చార్జ్ కాగితం గానీ మీ అమ్మగారి దగ్గర ఉంటే అందులో చూడండి. ఇంట్లో వాళ్లు జ్ఞాపకంతో చెప్పిన సమయమైతే ఐదు నిమిషాలు ముందూ వెనకా పెట్టి రెండు దశాంశలూ వేసుకోవాలి.

ఊరు విషయం కూడా చెప్పాలి. మీరు హైదరాబాద్‌లో పుట్టారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ ఇక్కడ పెరిగి అమ్మమ్మగారి ఊళ్లో పుట్టినవాళ్లు చాలామంది యాప్‌లో హైదరాబాద్ అనే కొట్టేస్తారు. విజయవాడ హైదరాబాద్‌కు రెండు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. స్థానిక కాలంలో ఎనిమిదిన్నర నిమిషాల తేడా, లగ్నంలో సుమారు రెండు డిగ్రీల తేడా. రాశి చక్రంలో ఇది చాలాసార్లు కనిపించనే కనిపించదు, దశాంశలో లగ్నమే మారిపోవచ్చు. ఈ జవాబు చదివే మిగతావాళ్లు ముందు ఇది సరిచూసుకోండి.

మీకు ఇప్పుడు రెండు దశాంశలు ఉన్నాయి. గ్రహాలు రెండింటిలోనూ ఒకే రాశుల్లో ఉంటాయి: బుధుడు, శుక్రుడు మిథునంలో, చంద్రుడు, గురువు సింహంలో, రవి మీనంలో, శని కన్యలో. లగ్నం కన్య అయితే బుధుడు లగ్నాధిపతి, దశమాధిపతి కూడా, స్వక్షేత్రంలో పదింట, పక్కన నవమాధిపతి శుక్రుడు. వృత్తికి ఇంతకంటే బలమైన అమరిక అడగక్కర్లేదు. లగ్నం సింహం అయితే దశమాధిపతి శుక్రుడు అవుతాడు, రెండు పదకొండు స్థానాల అధిపతి బుధుడితో కలిసి లాభస్థానంలో ఉంటాడు. ఇది కూడా మంచిదే, కానీ మొగ్గు పదవి మీద కంటే సంపాదన మీద ఉంటుంది. లగ్నాధిపతి రవి మాత్రం ఎనిమిదింట పడతాడు, అది బరువు.

రెండింటిలో ఏది మీదో తేల్చడానికి జరిగిపోయిన సంఘటనలను దశలతో పోల్చాలి. మీ చంద్రుడు రేవతిలో ఉన్నాడు, చివర 2 డిగ్రీల 40 కళలు మిగిలాయి. నక్షత్రంలో ఐదో వంతు మిగిలింది కాబట్టి పుట్టేసరికి బుధ మహాదశలో మిగిలింది 17లో ఐదో వంతు, అంటే సుమారు 3 ఏళ్ల 5 నెలలు. తర్వాత కేతువు 7, శుక్రుడు 20. అంటే 30 ఏళ్ల 5 నెలల వరకు శుక్ర మహాదశ, అక్కడి నుంచి 36 ఏళ్ల 5 నెలల వరకు రవి, ఆపైన చంద్రుడు పదేళ్లు.

మీరు 28వ ఏట టీమ్ లీడ్ అయ్యారు. అది శుక్రుడిలో బుధ అంతర్దశ, సుమారు 26 ఏళ్ల 5 నెలల నుంచి 29 ఏళ్ల 3 నెలల దాకా. కన్యా లగ్నం అనుకుంటే పదింట ఉన్న ఇద్దరూ కలిసి ఇచ్చిన పదవి అని వెంటనే చెప్పేయవచ్చు. నేను చెప్పను. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో ఆ వయసుకి లీడ్ కావడం అసాధారణమేమీ కాదు. అందరికీ జరిగేది ఏ చక్రానికైనా సరిపోతుంది. పైగా సింహ లగ్నంలో కూడా శుక్రుడే దశమాధిపతి, ఆయన దశలో పదవి రావడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ఈ సంఘటన దేన్నీ తేల్చదు. సమయ శుద్ధిలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక్క ప్రమోషన్ సరిపోయిందని లగ్నం స్థిరం చేసేస్తారు.

రవి దశ ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ రెండు చక్రాలూ వేర్వేరు మాటలు చెబుతున్నాయి. సింహ లగ్నమైతే 30 ఏళ్ల 5 నెలల నుంచి మీకు నడిచింది అష్టమంలో ఉన్న లగ్నాధిపతి దశ. ఉద్యోగంలో హఠాత్తుగా ఆగిపోవడం, ప్రాజెక్టు పోవడం, మధ్యలో ఖాళీ రావడం లాంటివి కనబడాలి. కన్యా లగ్నమైతే అదే రవి పన్నెండో అధిపతిగా ఏడింట ఉన్నాడు. పన్నెండు విదేశం, ఏడు ఎదుటి పక్షం. పైగా రవి గురువు ఇంట, గురువు రవి ఇంట ఉన్నారు, అంటే దశాంశలోనూ ఒక పరివర్తన ఉంది, అది ఏడు పన్నెండుల మధ్య. మీరు 31 నుంచి అమెరికా క్లయింట్‌తో పని అన్నారు, మధ్యలో ఉద్యోగం పోయిందని ఎక్కడా రాయలేదు. ఇది కన్య వైపు మొగ్గు. మొగ్గు అంటున్నానే గానీ తేలింది అనడం లేదు.

ఇంకో ప్రశ్నకు జవాబు ఇస్తే బలం పెరుగుతుంది. 33 ఏళ్ల 3 నెలల నుంచి 34 దాటిన రెండు నెలల వరకు రవిలో శని నడిచింది. దశాంశలో శని కన్యలో ఉన్నాడు. కన్యా లగ్నమైతే ఆయన ఆరో అధిపతిగా లగ్నం మీదే కూర్చున్నాడు: పని భారం మొత్తం మీ నెత్తిన పడటం, ఇద్దరి పని ఒక్కరే చేయడం, ఒంట్లో అలసట. సింహ లగ్నమైతే శని రెండింట: హైక్ ఆగిపోవడం, బోనస్ కోత, జీతం దగ్గర మాట పట్టింపు. ఆ పదకొండు నెలల్లో మీకు టెన్షన్ పెట్టింది పనా, జీతమా? ఇది మీరే చెప్పాలి. అప్పటి మెయిల్స్, పే స్లిప్పులు తీసి చూసి చెప్పండి. జ్ఞాపకం మీద ఆధారపడితే మనకు ఇష్టమైన లగ్నానికి సరిపోయేదే గుర్తొస్తుంది.

అయనాంశ గురించి కొద్దిగా. లాహిరికీ రామన్ అయనాంశకూ మధ్య సుమారు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంది, అంటే దశాంశ భాగంలో దాదాపు సగం. మీ చక్రం రామన్‌తో వేస్తే బుధుడు, శుక్రుడు, రవి, చంద్రుడు, శని అందరూ దశాంశలో అవే రాశుల్లో నిలుస్తారు. గురువు ఒక్కడే 9 డిగ్రీల గీత దాటి సింహం నుంచి కన్యకు వెళ్తాడు. నేను లాహిరితోనే చూస్తాను. అయినా రెండింటిలోనూ నిలబడిన గ్రహం గురించి చెప్పేటప్పుడు నాకు ధైర్యం ఎక్కువ. మీ బుధుడు అలా నిలబడ్డాడు. గురువు మీద ఆధారపడిన మాటలు, పైన చెప్పిన దశాంశ పరివర్తనతో సహా, ఒక మెట్టు కిందే పెట్టుకోండి. దశాంశలో గ్రహ దృష్టులు కూడా నేను చూడను. అక్కడ ఒక గ్రహం ఉన్నది మూడు డిగ్రీల ముక్కలో. ఆ ముక్కలను రాశుల్లా పరిచి ఒకదాన్నించి ఇంకోదానికి దృష్టి లెక్కపెట్టడం నా అనుభవంలో నిలబడలేదు. స్థితి, ఆధిపత్యం, కలయిక, పరివర్తన, ఇంతవరకే చూస్తాను. దృష్టులు చూసే పెద్దలూ ఉన్నారు, వాళ్ల పద్ధతి వాళ్లది.

ఇక మీ శిక్షణ కేంద్రం. అదృష్టవశాత్తూ ముఖ్యమైన విషయాల్లో రెండు దశాంశలూ ఒకే మాట చెబుతున్నాయి. అలా చెప్పినచోట లగ్నం తేలకపోయినా గట్టిగా మాట్లాడవచ్చు.

మొదటిది, పని స్వభావం. రాశిలో దశమాధిపతి బుధుడు విద్యాస్థానమైన నాలుగింట గురువుతో పరివర్తనలో ఉన్నాడు. గురువు ఉన్నది ఏడింట, ఎదుటి మనుషుల స్థానంలో. దశాంశలో బుధుడు మిథునంలో, మాటకూ వివరించి చెప్పడానికీ సంబంధించిన రాశిలో. బోధన మీకు సరిపడే పని. టెస్టింగ్ అంటే తప్పులు వెతికే పని, అది కన్యా దశమానికి తగినదే. దాన్ని నేర్పడం మిథున బుధుడికి తగినది. ఇందులో నాకు సందేహం లేదు.

రెండోది, ఇప్పుడు నడుస్తున్న కాలం. 35 ఏళ్ల 5 నెలల నుంచి రవిలో శుక్రుడు, 36 ఏళ్ల 5 నెలల దాకా. శుక్రుడు దశాంశలో బుధుడితో కలిసి కన్యా లగ్నానికి పదింట, సింహ లగ్నానికి లాభంలో ఉన్నాడు. ఏ రకంగా చూసినా ఈ ఏడాది పని మొదలు పెట్టడానికి అనుకూలం.

మూడోది, తర్వాత వచ్చే చంద్ర మహాదశ. ఇక్కడ మీవారి మాటలో బలం ఉంది. రాశిలో చంద్రుడు అష్టమాధిపతి. అమావాస్య దాటి రవికి ఇంకా 14 డిగ్రీల దూరంలోనే ఉన్నాడు, అంటే క్షీణ చంద్రుడు. దశాంశలో కన్యా లగ్నానికి లాభాధిపతిగా పన్నెండింట ఉన్నాడు. సింహ లగ్నానికి పన్నెండో అధిపతిగా లగ్నంలో ఉన్నాడు. రెండు చక్రాల్లోనూ ఆయనకు వ్యయంతో ముడి ఉంది. ఇది తప్పించుకోలేని సూచన. అమీర్‌పేటలో అద్దె, అడ్వాన్సు, కంప్యూటర్లు, ప్రకటనలు అన్నీ ముందే పెట్టే డబ్బు. ఆ ఖర్చు మీద అప్పు కూడా పెట్టి, నెల జీతం కూడా వదిలేసి చంద్ర దశలోకి అడుగు పెడితే మొదటి రెండు మూడేళ్లు ఊపిరాడదు.

కాబట్టి ఈ శుక్ర అంతర్దశలో ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాల్లో ఒక బ్యాచ్ మొదలు పెట్టండి, వీలైతే ఆన్‌లైన్‌లో, లేదా ఎవరైనా నడుపుతున్న కేంద్రంలో గది తీసుకుని. ముందు మీ కంపెనీ నియమాలు ఇలాంటి పనికి ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి. అద్దెకు పెద్ద హాలు వద్దు. ఇంకొక జాగ్రత్త, రాశిలో చెప్పిన అస్తంగత్వం. మీ పని మీద వేరేవాళ్ల పేరు పడే యోగం ఉంది కాబట్టి పాత సంస్థ పేరు కింద మీరు క్లాసులు చెప్పి వాళ్లకు పేరు తెచ్చే ఒప్పందం చేసుకోకండి. కోర్సు మెటీరియల్, వీడియోలు, విద్యార్థుల జాబితా మీ పేరునే ఉండాలి. భాగస్వామి ఉంటే వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి.

ఉద్యోగం పూర్తిగా వదలడం గురించి చంద్రుడిలో గురు అంతర్దశ దాకా ఆలోచించవద్దు. అది 39 ఏళ్ల 4 నెలల దగ్గర మొదలై పదహారు నెలలు ఉంటుంది. రాశిలో గురువు మీ లగ్నాధిపతి, దశమాధిపతితో పరివర్తన ఉన్నవాడు, చంద్ర దశలో మొదటగా తలుపు తీసేది ఆయనే. దానికి ముందు నడిచే రాహు అంతర్దశ పద్దెనిమిది నెలలు పెట్టుబడి పెంచకండి. గురు అంతర్దశలో ఏ రూపంలో కలిసొస్తుందన్నది మాత్రం లగ్నం తేలాకే చెప్పగలను. కన్య అయితే గురువు నాలుగు, ఏడు అధిపతిగా పన్నెండింట, అంటే బయటి దేశాల్లో ఉన్న విద్యార్థులు, ఆన్‌లైన్ క్లాసులు. సింహం అయితే ఆయన పంచమాధిపతిగా లగ్నంలో, మీ పేరు మీదే నడిచే సంస్థ. అష్టమాధిపత్యం కూడా ఉంది కాబట్టి ఆ సంస్థ మొదట్లో ఒకసారి రూపం మార్చుకోవాల్సి వస్తుంది.

కేస్ షీట్ దొరికితే అందులో ఉన్న సమయం, పైన అడిగిన శని అంతర్దశ జవాబు, ఉద్యోగంలో ఎప్పుడైనా నెల కంటే ఎక్కువ ఖాళీ వచ్చి ఉంటే ఆ తేదీలు, ఈ మూడూ ఇక్కడే రాయండి. రెండు దశాంశలూ పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.